చావు నక్షత్రం అడిగి ప్యాకేజీ అమ్మొద్దు

పెళ్లికి పురోహితుణ్ని మాట్లాడుకోవాలంటే నాలుగు చోట్ల విచారిస్తాం, బేరమాడతాం, కుదరకపోతే ముహూర్తమే మార్చుకుంటాం. పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు కర్మలకు ఆ వీలుండదు. తేదీని మరణమే నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ పూజల వ్యాపారం చేసేవాళ్లు తమ నిజాయితీని తేల్చుకోవాల్సింది ఇక్కడే. సత్యనారాయణ వ్రతం పేజీలో చేసే గిమ్మిక్కులను జనం భరించగలరు. అపరకర్మల పేజీలో మాత్రం అవి దోపిడీయే.

కూకట్‌పల్లిలో ఒక కుటుంబం అనుకుందాం. తండ్రి పోయిన మూడో రోజు కొడుకు ఫోన్లో వెతికితే ‘పన్నెండు రోజుల కర్మ, 18,000 మాత్రమే’ అని కనిపిస్తుంది. ఫారం నింపడం మొదలుపెట్టగానే మరణించిన సమయం, నక్షత్రం అడుగుతారు. శతభిషం అని రాయగానే ఎర్రటి అక్షరాలు వస్తాయి: ‘ధనిష్ఠా పంచక దోషం ఉంది, కుటుంబానికి మరో కీడు జరగవచ్చు’. కిందే 12,000 రూపాయల శాంతికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. తర్వాతి పేజీలో సామగ్రి, భోక్తల దక్షిణ, దశదానాలు ఒక్కొక్కటిగా చేరతాయి. చివరికి 18,000 కాస్తా 50,000 దాటుతుంది. పైన ‘ఇద్దరు పురోహితులే మిగిలారు’ అంటూ గడియారం తిరుగుతుంటుంది.

ఆ కొడుకు టిక్ తీసేయగలడా? తల్లి పక్కనే కూర్చుని ఉంటుంది. రేపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ టిక్కే గుర్తొస్తుంది. ఈ సంగతి ఫారం తయారుచేసినవాళ్లకు తెలుసు.

శాంతి చేయించాలా వద్దా అన్న చర్చ నాది కాదు. ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో మరణిస్తే దోషమని, కొన్ని నెలలు ఇల్లు మూసిపెట్టాలని నమ్మే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ మాట చెప్పాల్సింది ఆ ఇంటి ఆచారం తెలుసుకున్న పురోహితుడు, అదీ అడిగినప్పుడు. వెబ్‌సైట్ అడగాల్సినవి వేరే ఉన్నాయి: మీ శాఖ, సూత్రం ఏమిటి, స్మార్తులా వైష్ణవులా, కర్మ చేసేది ఎవరు, ఎక్కడ, భోక్తలు ఎందరు. ఏటా వచ్చే ఆబ్దికానికి కావాల్సింది కూడా మాసం, పక్షం, తిథి. ఇవి అడగకుండా నక్షత్రం ముందు అడిగే ఫారాన్ని చూస్తే అది దేనికోసమో తెలిసిపోతుంది.

అందరు పురోహితులూ అపరం చేయించరు కాబట్టి కొరత నిజమేనని, జనమే శాంతులు అడుగుతున్నారని, ధర ముందే తెలిస్తే బేరాల బాధ తప్పుతుందని నిర్వాహకులు అంటారు. కొంత నిజమే. అలాంటప్పుడు ఆ రోజుకి మనిషి లేడని సూటిగా చెప్పొచ్చు, గడియారం అక్కర్లేదు. ధర ముందే చెప్పడమంటే మొత్తం చెప్పడం: పురోహితుడి చేతికెంత, సామగ్రికెంత, కంపెనీకెంత. గోదానానికి బదులుగా ఇచ్చే నిష్క్రయం శక్తికొద్దీ ఇచ్చేదని పక్కనే రాయాలి. శ్రాద్ధానికి డబ్బు లేనివాడు చేతులెత్తి ‘నా దగ్గర ధనం లేదు, పితృదేవతలకు నమస్కరిస్తున్నాను’ అంటే చాలని విష్ణుపురాణం మూడో అంశంలోనే ఉంది. దశదానాల్లో ‘ప్రీమియం’ ఎక్కడి నుంచి వచ్చింది?

ముందే టిక్ పెట్టడం, ధర మెల్లగా పెంచడం, లేని తొందర సృష్టించడం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో నిషిద్ధమే. స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. కానీ మైలలో ఉన్న ఇంట్లో ఎవరు చేస్తారు? అందుకే బాధ్యత అమ్మేవాడిదే.

ఈ భయానికి ఇంత గిరాకీ ఉండటంలో నగరం తప్పూ ఉంది. ఇక్కడ పంచకం అంటే ఎక్కువ బెదిరేది అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు. అద్దెదారు శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్ల వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! దోషం మాట వింటే ఇల్లు ఖాళీ చేయమంటారన్న టెన్షన్‌తో ఆ కుటుంబం ఏ ప్యాకేజీకైనా ఒప్పుకుంటుంది. శ్మశానవాటికల పక్కనే శవాన్ని ఉంచుకోవడానికి, పన్నెండు రోజుల కర్మ చేసుకోవడానికి గదులు కట్టి, అద్దె ఎంతో గోడ మీద రాయించే పని మున్సిపల్ కార్పొరేషన్‌ది. ప్రతి సర్కిల్‌లో ఒకటి కట్టించాలి. అద్దెదారుల బస్తీలతోనే మొదలుపెట్టాలి.