ఖాళీ గడి అంటే నెగటివ్ కాదు

బరంపురం, కొరాపుట్, రాయగడ వైపు పీజీ చేసే తెలుగు డాక్టర్లు థీసిస్‌కి సికిల్ సెల్ ఎంచుకుంటే ఆశ్చర్యం లేదు. దక్షిణ ఒడిశాలో ఆ జబ్బు ఎక్కువే. రికార్డు రూమ్ నుంచి పాత కేస్ షీట్లు తీయించి ఎక్సెల్‌లో మాస్టర్ చార్ట్ మొదలుపెడతారు. కాగితం మీద ఏమీ రాసి లేకపోతే గడిలో ఏం వేయాలన్నది మాత్రం చివర్లో, స్టాటిస్టీషియన్ అడిగాక గుర్తొస్తుంది.

రక్తహీనతతో చేరిన 80 మంది షీట్లు ఉన్నాయనుకుందాం. సిక్లింగ్ టెస్ట్ ఫలితం 50 షీట్లలోనే ఉంది, అందులో పాజిటివ్ 10. మిగతా 30 ఖాళీ. ఆ ఖాళీలన్నీ నెగటివ్ అని వేసేస్తే 12.5 శాతం వస్తుంది. టెస్ట్ జరిగినవాళ్లనే లెక్కిస్తే 20 శాతం. నేను రెండోదే రాయమంటాను. కానీ అదీ వార్డు మొత్తానికి వర్తించదు, ఎందుకంటే అనుమానం ఉన్నవాళ్లకే ఎక్కువగా టెస్ట్ రాస్తారు. అందుకే ఆ శాతం పక్కన "పరీక్ష జరిగిన 50 మందిలో" అన్న మాట ఉండి తీరాలి.

ఆ 30 ఖాళీలూ ఒక్కలాంటివి కావు. కొందరికి అసలు టెస్టే రాయలేదు. కొందరికి రాశారు గానీ రిపోర్టు షీట్‌లోకి చేరలేదు, ల్యాబ్ రిజిస్టర్‌లో వెతికితే దొరకొచ్చు. కాబట్టి పాజిటివ్‌కి 1, నెగటివ్‌కి 0, రిపోర్టు దొరకనిదానికి 8, టెస్ట్ రాయనిదానికి 9 అని మొదటి షీట్ ముట్టుకోకముందే పెట్టుకుంటే, ఎంట్రీ అయ్యాక ఆ కాలమ్‌లో ఖాళీ మిగలకూడదు. అది D కాలమ్ అయితే, ఖాళీ గడులు ఎన్నో ఈ ఫార్ములా చెబుతుంది.

```
=COUNTBLANK(D2:D81)
```

సున్నా రాలేదంటే ఏదో గడి వదిలేసినట్టే.

హిమోగ్లోబిన్ కాలమ్‌లో ఈ కోడ్లు పనికిరావు. అక్కడ 9 వేస్తే 9 గ్రాములైపోతుంది, 99 వేస్తే సగటు ఎక్కడికో పోతుంది. ఆ గడిని నిజంగానే ఖాళీగా వదిలేయాలి, AVERAGE దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎందుకు ఖాళీగా ఉందో చెప్పే కోడ్ పక్క కాలమ్‌లో వేసుకోవచ్చు.

అసలు ఆ 80 వరుసలు 80 మందేనా? సికిల్ సెల్ పేషెంట్లు నొప్పులతో మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతారు, సాధారణంగా అడ్మిషన్‌కో ఐపీ నంబరు పడుతుంది. పేరు చూసి పోలుద్దామంటే, తెలుగువాళ్ల ఇంటిపేరు ఒక షీట్‌లో ముందు, ఒడియా పద్ధతిలో రాసిన ఇంకో షీట్‌లో చివర. తండ్రి పేరు, ఊరు, వయసు కలిపి చూసి మనిషికో స్టడీ నంబరు ఇవ్వాలి. పేర్లున్న జాబితా వేరే ఫైల్లో తాళం వేసి ఉంచాలి, స్టాటిస్టీషియన్‌కి పంపేదాంట్లో అది ఉండకూడదు. పాజిటివ్ శాతానికి మనిషికి ఒక్క వరుసే లెక్క. ఆసుపత్రిలో ఎన్ని రోజులున్నారన్నది చూస్తే అడ్మిషన్‌కో వరుస. అందుకని రెండూ వేర్వేరు షీట్లలో ఉంచి, స్టడీ నంబరుతో కలుపుకోవడం మేలు.