జోలపాటకు తాళం వేసేది ఉయ్యాల తాడే

ఫోన్‌లో జోలపాటలని వెతికితే ముందు వరసలో వచ్చేవన్నీ సినిమా పాటలే. వినడానికి కమ్మగా ఉంటాయి, సందేహం లేదు. కానీ వాటిలో ఎక్కువ భాగం బిడ్డను నిద్రపుచ్చడానికి కట్టినవి కావు, థియేటర్లో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు చెమర్చడానికి కట్టినవి. పల్లవి మెల్లగా కింది స్థాయిలో మొదలవుతుంది. ఆ తర్వాత ఇరవై ముప్ఫై వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి. చరణం పై షడ్జమం దాటి ఎక్కడికో వెళ్లి, అక్కడి నుంచి పల్లవిలోకి దిగుతుంది. సరిగ్గా ఆ వయొలిన్లు లేచేచోటే, అప్పుడే మూతపడుతున్న కళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. పాట బాగోలేక కాదు, దాని పని వేరు కాబట్టి.

పని తెలిసి కట్టిన పాట ఎలా ఉంటుందో చూడాలంటే మన ఇళ్లలో వందల ఏళ్లుగా పాడుకుంటున్నదాన్నే విప్పి చూడొచ్చు. అన్నమయ్య కీర్తనగా అందరూ పాడే ‘జో అచ్యుతానంద’ మొదటి పాదాన్ని మాత్రలుగా, అంటే ఒక్కో హ్రస్వాక్షరం పలికేంత సేపుగా లెక్కేసి విడగొట్టండి: జో అచ్యు, తానంద, జోజోము, కుందా. మొదటి మూడు ముక్కలూ ఐదేసి మాత్రలు. చివరిది నాలుగే, ఆ మిగిలిన ఒక్క మాత్రను దీర్ఘం తీసి నింపుతాం. రెండో పాదమూ అంతే: రావెపర, మానంద, రామగో, విందా. ఇప్పుడు దీనికి ఏ సంబంధమూ లేని పల్లెపాట తీసుకోండి. ‘ఏడవకు ఏడవకు వెర్రి నాగన్న’ అంటారే, అది. ఏడవకు అంటే ఐదు మాత్రలు, రెండోసారి మళ్లీ ఐదు, వెర్రినా అంటే ఐదు, చివర గన్న అని సాగదీత. కోవెలలో పుట్టినదీ, వాకిట్లో పుట్టినదీ ఒకే నడకలో ఉన్నాయి. అన్ని లాలిపాటలూ ఇంతేనని అనను. రామలాలి నాలుగు మాత్రల నడక. అయినా ఐదు మాత్రల నడకలో ఒక సౌకర్యం ఉంది. నాలుగు మాత్రల పాటకు కాలు తెలియకుండానే కవాతులా కదులుతుంది. ఐదింటికి అలా కదలదు. రెండూ మూడుగా ఒరిగి, మళ్లీ ఒరుగుతుంది.

రాగాల సంగతీ అంతే. ‘జో అచ్యుతానంద’కు అలవాటైన నవరోజు రాగం మంద్ర పంచమం దగ్గర మొదలై మధ్య స్థాయి పంచమం దగ్గర ఆగిపోతుంది, అంతకంటే పైకి పోదు. కురంజి కూడా అలాంటిదే, కింది నిషాదం నుంచి మధ్య స్థాయి ధైవతం దాకానే. గొంతు చించుకోవాల్సిన చోటు వాటిలో లేనే లేదు. సంగీతం రాని తల్లి రాత్రి రెండింటికి నిద్రకళ్లతో పాడుకోవచ్చు. నీలాంబరి గొప్ప రాగమే, కచేరీల్లో జోల అనగానే అదే గుర్తొస్తుంది. కానీ దాని గమకాలు పట్టుకోవడానికి కాస్త శిక్షణ కావాలి. ఇంట్లో పనికొచ్చేది మాత్రం ఆ చిన్న పరిధి రాగాలే అని నా అభిప్రాయం.

ఇక వేగం. లాలిపాటను ఎంత నెమ్మదిగా పాడాలని ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఎందుకంటే ఆ సంగతి ఉయ్యాల తాడే చెప్పేది. దూలానికి చీర కట్టిన ఉయ్యాలలో కొక్కెం నుంచి బిడ్డ దాకా సుమారు రెండు మీటర్లు అనుకుందాం. స్కూల్లో చదువుకున్న లోలకం సూత్రం ప్రకారం అది ఒకసారి పోయి రావడానికి 2.8 సెకన్లు పడుతుంది, అంటే ఒక వైపు ఊపు 1.4 సెకన్లు. బిడ్డ బరువు మారినా, కాస్త గట్టిగా ఊపినా ఈ లెక్క పెద్దగా మారదు. ఒక్కో ఊపులో ఒక ఐదు మాత్రల ముక్క పెట్టి చూడండి, పాదమంతా రెండు పోనురానుల్లో, ఆరు సెకన్ల లోపు అయిపోతుంది. చివరి దీర్ఘం దగ్గర ఊపిరి తీసుకుంటాం. అంటే పాడే మనిషి నిమిషానికి పదిసార్లే ఊపిరి తీస్తున్నట్టు. రోజంతా పనిచేసి విసిగిన మనిషి ఊపిరి కూడా అలా కుదుటపడుతుంది, భుజానికి ఆనుకున్న బిడ్డకు అది తెలియకుండా ఉండదు. బజార్లో కొనే స్టీలు స్టాండు ఉయ్యాలల్లో వేలాడే భాగం అర మీటరే ఉంటే పోనురాను మొత్తం 1.4 సెకన్లలో అయిపోతుంది. అక్కడ ఒక పూర్తి పోనురానుకు ఒక ముక్క పాడాలి. ఊపుకు ఒక ముక్క పాడబోతే పాట పరుగెత్తుతుంది. బిడ్డ పడుకోదు, పైగా మనకే ఆయాసం.

పాట ఎంత బాగున్నా, మొదలుపెట్టే తీరులో చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒక ఇంట్లో చూసింది చెబుతాను. ఏడు నెలల బాబు, రాత్రి తొమ్మిదిన్నర, పాలు తాగాడు, బట్టలు పొడిగానే ఉన్నాయి, అయినా వీపు విల్లులా వంచి ఏడుపు. తల్లి చెవి దగ్గర గుసగుసగా లాలి పాడుతోంది. ఆ ఏడుపులో అది బాబుకు వినపడే అవకాశమే లేదు. అమ్మమ్మ వచ్చి ‘ఇటియ్యవే’ అని బాబును భుజానికెత్తుకుంది. ముందు పాట ఎత్తుకోలేదు. ‘ఉళుళుళు ఆయి ఆయి’ అంటూ దాదాపు వాడి ఏడుపంత గట్టిగా, అదే లయలో, గదిలో అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టింది. వాడు ఒక్క క్షణం ఆగి చూశాడు. ఆ సందులో ఆవిడ గొంతు ఒక మెట్టు దించింది. మళ్లీ ఏడ్చాడు, ఆవిడ కొంచెం పెంచింది, ఈసారి ముందటంత కాదు. ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక గానీ పాట మాటల్లోకి రాలేదు. చివరికి మాటలూ పోయి మూసిన పెదాల వెనక కూనిరాగం మిగిలింది. సంగీత చికిత్స చేసేవాళ్లు ఈ పద్ధతికి ఐసో ప్రిన్సిపుల్ అని పేరు పెట్టుకున్నారు: మనిషి ఉన్న స్థితికి తగిన సంగీతంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మెల్లగా కావలసిన చోటికి తీసుకెళ్లడం. అమ్మమ్మకు ఆ పేరు అక్కర్లేకపోయింది.

కళ్లు మూయగానే పడుకోబెట్టలేదు కూడా. ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనమూ దాదాపు ఇదే చెబుతోంది. ఏడుస్తున్న బిడ్డను ఐదు నిమిషాలు ఎత్తుకుని నడవాలి, నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చుని, అప్పుడు దించాలి. దించేది గట్టి పరుపు మీద, వెల్లకిలా. చీర ఉయ్యాలలో వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుకునే ప్రమాదం ఉంది కాబట్టి రాత్రంతా అందులో వదిలేయకూడదు.

ఇంతకీ పాట నిజంగా పనిచేస్తుందా, లేక ఎత్తుకోవడమే పనిచేస్తుందా? మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో తల్లి కనబడకుండా, ముట్టుకోకుండా, రికార్డు చేసిన శబ్దాలే వినిపించి చూశారు. వాళ్లెప్పుడూ వినని తుర్కిష్ పాట పెడితే పిల్లలు సుమారు తొమ్మిది నిమిషాలు ఏడవకుండా ఉన్నారు. మాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలు అటూ ఇటుగా. హార్వర్డ్ పరిశోధకులు 144 మంది పసిపిల్లలకు తెలియని భాషల పాటలు వినిపించారు. జోలపాటలకు తగ్గినట్టు మిగతా పాటలకు గుండె వేగం తగ్గలేదు. అయితే ఈ రెండూ కుదురుగా ఉన్న పిల్లలతో మొదలైన పరీక్షలని గుర్తుంచుకోవాలి. ఇప్పటికే గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను స్పీకరు ఊరుకోబెడుతుందని వీటిని బట్టి చెప్పలేం. స్పీకరుకు చెవులు లేవు కదా, బిడ్డ ఆగిన క్షణంలో గొంతు దించడం దానికి చేతకాదు.

అందుకే వాద్య సంగీతాన్ని నేను రెండో అంకానికే ఉంచుతాను, ఏడుపు ఆగి నిద్ర ఇంకా పట్టని ఆ పదిహేను ఇరవై నిమిషాలకు. వీణ దీనికి బాగా సరిపోతుంది. మీటిన స్వరం తనంతట తాను సన్నగిల్లుతుంది, కింది తీగలు గదిని నింపకుండానే వినిపిస్తాయి. వేణువు మెత్తనిదని పేరే గానీ పై స్థాయికి వెళ్తే ఈలలా గుచ్చుకుంటుంది. పెద్ద వేణువుతో కింది స్థాయిలో వాయించిందైతే సరే. మృదంగం, తబలా లేనిది వెతకండి. ఆలాపన మంచిదే, కానీ దాని తర్వాత లయ అందుకుని జోరుగా సాగే తానం మొదలయ్యేలోగా ఆపాలి. పెట్టేముందు మొత్తం ఒకసారి మీరు వినండి. మధ్యలో ప్రకటన వచ్చే యాప్‌లో పెట్టడమంటే కావాలని నిద్ర లేపడమే.

అసలు ప్రమాదం శబ్దంలో ఉంది. టొరంటో వైద్యులు 2014లో పసిపిల్లల కోసం అమ్మే 14 నిద్ర యంత్రాలను పూర్తి శబ్దంలో పెట్టి కొలిచారు. ఒక మీటరు దూరంలో కూడా అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి, ఆసుపత్రుల్లో నవజాత శిశువుల గదులకు చెప్పే హద్దు అదే. 30 సెంటీమీటర్ల దగ్గర మూడు యంత్రాలు 85 దాటాయి. మన దగ్గర ఫోన్ దిండు పక్కనే ఉంటుంది. దాన్ని గది అవతలి మూలకు, కనీసం రెండు మీటర్ల దూరానికి మార్చండి. మీ తల బిడ్డ తల దగ్గర పెట్టి, పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలరేమో చూడండి. పెంచాల్సి వస్తే శబ్దం ఎక్కువైనట్టే. రాత్రంతా ఆడించకుండా టైమర్ పెట్టండి. నిద్రలో మధ్యమధ్య మెలకువ వచ్చినప్పుడల్లా అదే సంగీతం ఉంటే తప్ప మళ్లీ పడుకోని పిల్లలున్నారు.

ఏ పాటకూ లొంగని ఏడుపు కూడా ఉంటుంది. ఎత్తుకున్నా తగ్గనిదీ, పడుకోబెట్టగానే పెరిగి చెవి దగ్గరికి చెయ్యి పోయేదీ, పాలు నోట పెట్టగానే మొదలయ్యేదీ అలాంటివే. అప్పుడు రాగం మార్చి ప్రయోజనం లేదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరితే అర్ధరాత్రయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

డాలస్‌లోనో మెల్బోర్న్‌లోనో ఉన్న మనవరాలికి వీడియో కాల్‌లో లాలి పాడే అమ్మమ్మలు ఇప్పుడు చాలామంది. అటు నుంచి ‘అమ్మా, వినపడటం లేదే’ అని మాటిమాటికీ వస్తుంది. నెట్ ఒక్కటే కాదు కారణం. కాల్‌లో నేపథ్య శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు, సాగదీసిన కూనిరాగాన్ని ఫ్యాన్ మోతగా లెక్కేసి కోసేస్తుంది. దానికంటే ఫోన్‌లో రికార్డింగ్ యాప్ తెరిచి, ఫ్యాన్ ఆపి, మూరెడు దూరంలో పెట్టి, పది నిమిషాలు పాడి పంపడం మేలు. పాడేటప్పుడు ఒళ్లో దిండో, పక్కింటి పాపో ఉంటే గొంతు దానంతటదే సరైన వేగానికి వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు మాటలతో, తర్వాత మూడు నిమిషాలు జోజో ఒక్కటే, చివరి రెండు నిమిషాలు నోరు మూసుకుని. ‘బంగారూ, పడుకున్నావా?’ అని చివర్లో అడగొద్దని ముందే చెప్పాలి. ఆవిడ అడక్కుండా ఉండలేదు.