ఆరంకెల కోడు, ఆగిపోయిన సొసైటీ

మా సొసైటీలో ట్రెజరర్ పోస్టు అంటే అందరికీ గౌరవమే, తీసుకోమంటే మాత్రం అందరికీ నడుం నొప్పి. అందుకే మా అంకుల్ ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే ఇరుక్కుపోయారు. చివరికి బి బ్లాక్ మేడమ్ సరే అన్నారు. ఆవిడ మనసు మార్చుకునేలోపే అంకుల్ హ్యాండోవర్ పెట్టేశారు.

సెక్రటరీని కాబట్టి నేనూ వెళ్లాను. అంకుల్ ఒక డైరీ తీసి, "ఇదిగోనమ్మా, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఐడీ, పాస్‌వర్డ్, అన్నీ ఇందులోనే" అని ఇచ్చి, మా కళ్ల ముందే తన ఫోన్లోంచి సొసైటీ యాప్‌లన్నీ ఒక్కొక్కటే డిలీట్ కొట్టేశారు, ఇక నాకూ దీనికీ సంబంధం లేదు అన్నట్టు. అలా పోయిన వాటిలో అథెంటికేటర్ యాప్ కూడా ఉంది. అది కోడ్‌లు పుట్టించేదని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

మేడమ్ జాగ్రత్త మనిషి. సొసైటీ ఆఫీసు కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా, అందులో కూర్చుని ముందు పాస్‌వర్డ్ మార్చేశారు. పాత పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో ఎవరికి తెలుసు, మార్చడం మంచిదే. కాకపోతే పాస్‌వర్డ్ మారగానే తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ, ఆ కంప్యూటర్‌తో సహా, బయటికొచ్చేశాయి. మళ్లీ లోపలికి వెళ్లబోతే ఆరంకెల కోడ్ అడిగింది.

"అంకుల్, మీ ఫోన్‌కి కోడ్ వచ్చిందా?"

"ఏం రాలేదమ్మా, సిగ్నల్ ఫుల్లుగానే ఉంది."

ఎలా వస్తుంది? అది ఎసెమ్మెస్ కాదు. మొదట్లో క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య కీ ఫోన్లోకి వెళ్తుంది, ఆ కీనీ అప్పటి టైమ్‌నీ కలిపి యాప్ ముప్పై సెకన్లకో కొత్త కోడ్ తయారుచేస్తుంది, సిగ్నల్‌తో దానికి పనేం లేదు. అంకుల్ యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, బ్యాకప్ ఆన్‌లో లేదు కాబట్టి ఖాళీ స్క్రీన్ వచ్చింది.

"బ్యాకప్ కోడ్‌లు ఇచ్చుంటారు కదా అంకుల్, ఫోన్ పోతే వాడుకోమని?"

ఆయన మొహం వెలిగింది. "ఉన్నాయమ్మా! ఎవరికీ దొరక్కుండా భద్రంగా పెట్టాను."

"ఎక్కడ?"

"సాఫ్ట్‌వేర్లోనే, డాక్యుమెంట్స్ ఫోల్డర్లో."

అంత భద్రంగా పెట్టిన మనిషిని ఏమనగలం.

సపోర్ట్‌కి ఫోన్ చేశాం. అక్కడి అబ్బాయి మర్యాదగానే అడిగాడు, ఒకే లాగిన్ చేతులు మార్చడమేంటండీ, ముందు మేడమ్‌ని కొత్త యూజర్‌గా యాడ్ చేసి అడ్మిన్ రోల్ ఇచ్చి, ఆవిడ తన ఫోన్‌తో లోపలికి వెళ్లారని చూసుకుని, అకౌంట్ ఓనర్ మెయిల్ మార్పించి, ఆ తర్వాత కదా పాతాయన్ని తీసేయాలి అని. అవునండీ అన్నాం, ఇంకేం అంటాం. అప్పుడతను స్క్రీన్ చూసి, "ఓనర్ మెయిల్ మీ ఇద్దరిదీ కాదే" అన్నాడు.

అది అంకుల్ కంటే ముందు ట్రెజరర్‌ది. ఆయన ఫ్లాట్ అమ్ముకుని వెళ్లిపోయి చాలా కాలమైంది, అంకుల్ ఇన్నాళ్లూ ఆయన లాగిన్‌తోనే పద్దులు రాశారు. అంటే ఏ ఎంట్రీ ఎవరు కొట్టారని ఆడిటర్ లాగ్ తీస్తే, ఊళ్లోనే లేని మనిషి పేరు వస్తుందన్నమాట. ఇక మేడమ్ పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆయనకి అలర్ట్ మెయిల్ వెళ్లింది. ఎవరో దొంగలు పడ్డారనుకుని ఆ పెద్దమనిషి 'ఇది నేను కాదు' అన్న బటన్ నొక్కేశారు. అకౌంట్ మొత్తం లాక్.

ఈలోపు సాఫ్ట్‌వేర్ మాత్రం తన పని మానలేదు. మెయింటెనెన్స్ కట్టినవాళ్ల రసీదులు ఎంటర్ చేసే దారి లేదు, దాని లెక్కలో ఎవరూ కట్టనట్టే, గడువు తేదీ దాటగానే అందరికీ లేట్ ఫీజుతో రిమైండర్లు పంపేసింది. ప్రెసిడెంట్‌కి కూడా. కింద 'ఇట్లు, ట్రెజరర్' అని అంకుల్ నంబర్. ఆయన రిటైర్‌మెంట్ అలా మొదలైంది, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని.

కమిటీ తీర్మానం, లెటర్‌హెడ్, సంతకాలు అన్నీ పంపితే, ఓనర్ ఒక్కసారి అప్రూవ్ చేస్తే చాలు, లేదంటే వెరిఫికేషన్‌కి టైమ్ పడుతుందని సపోర్ట్ వాళ్లు చెప్పారు. ఎలాగోలా ఆ పాత ఓనర్ నంబర్ పట్టుకుని ఫోన్ చేశాం.

ఆయన అంతా ఓపిగ్గా విని, "చేస్తానమ్మా, ఒక్క క్లిక్కే కదా. అయితే నేను ఖాళీ చేసినప్పుడు నా డిపాజిట్ వెనక్కివ్వలేదు. అది తేల్చండి, వెంటనే నొక్కుతా" అన్నారు.

మేడమ్ నెమ్మదిగా, "తప్పకుండా అండీ. ఇచ్చారో లేదో ఒకసారి లెడ్జర్ చూసి..." అని ఆగిపోయారు.

"చూసి చెప్పండమ్మా, తొందరేం లేదు" అన్నారాయన.