రెస్పెక్టెడ్ మేడమ్, మా నాన్న అడుగుతున్నారు

ఆన్‌లైన్ టెస్టు పాసయ్యానని మెయిలొచ్చి పదకొండు రోజులైంది. "ఇంటర్వ్యూ వివరాలు త్వరలో తెలియజేస్తాం" అని ఉంది అందులో. త్వరలో అంటే ఎన్ని రోజులో పంచాంగంలో కూడా దొరకదు. మా నాన్న మాత్రం రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, "ఏరా, పిలిచారా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ అమ్మకిచ్చేస్తాడు.

ఇక లాభం లేదని హెచ్ఆర్ మేడమ్‌కి నేనే రాద్దామని కూర్చున్నా. నాలుగేళ్లు బీటెక్ చదివినా నాకు రాయడమొచ్చిన ఇంగ్లిష్ ఉత్తరం ఒక్కటే, ఏడో తరగతిలో బట్టీపట్టిన లీవ్ లెటర్. చెయ్యి దానంతటదే అటే పోయింది. "రెస్పెక్టెడ్ మేడమ్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్" దాకా కొట్టాక గానీ నాకు జ్వరం లేదన్న సంగతి గుర్తురాలేదు.

వెనక నుంచి చూస్తున్న రూమ్మేట్ తల పట్టుకున్నాడు. "మామా, ఆవిడకి నీలాంటోళ్లు వందల మంది. రిజిస్ట్రేషన్ నంబరు, టెస్టు రాసిన తేదీ పెట్టు. ఇంటర్వ్యూ ఎప్పుడని ఒక్క ముక్క అడుగు. మూడు లైన్లు చాలు. కొత్త మెయిల్ వద్దు, పాసైన మెయిల్‌కే రిప్లై కొట్టు, పాత సంగతంతా ఆవిడ కళ్ల ముందుంటుంది."

అన్నీ విన్నా. నాలుగో లైను మాత్రం నా సొంతం: "మా నాన్నగారు రోజూ అడుగుతున్నారు మేడమ్."

వాడు చెప్పనిది ఒకటుంది. పాసైనవాళ్లందరి అడ్రసులూ Bcc లో దాచకుండా To లోనే వరసగా పేర్చి పంపారట ఆ మెయిల్. నేను నొక్కింది Reply all. జీమెయిల్ Undo అని అయిదు సెకన్లు టైమిస్తుంది. ఆ అయిదు సెకన్లూ నేను కళ్లు మూసుకుని వెంకన్నకి దండం పెట్టుకుంటున్నా.

కళ్లు తెరిచేసరికి మొదలైంది. "సేమ్ డౌట్ మేడమ్." "మా నాన్నగారు కూడా మేడమ్." ఒకతను మళ్లీ రెజ్యూమే జతచేశాడు. ఇంకొకామె, "దయచేసి ఎవరూ అందరికీ రిప్లై ఇవ్వకండి" అని అందరికీ రిప్లై ఇచ్చింది. అర్ధగంటలో అరవై రెండు మెయిళ్లు. ఫోన్ మంచం మీద దానంతటదే జరుగుతోంది.

సాయంత్రం ఏడున్నరకి మేడమ్ నుంచి జవాబొచ్చింది, ఈసారి నాకొక్కడికే. సోమవారం పదిన్నరకి ఇంటర్వ్యూ, లింకు ఆదివారం పంపుతారు. కింద విడిగా ఇంకో లైను: "మీ నాన్నగారికి చెప్పండి."

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"ఏరా, పిలిచారా?"

"పిలిచారు నాన్నా! సోమవారం..."

"ఆ, తిన్నావా నాన్నా?" అంది అమ్మ.