కంటైనర్ కిరాయి ఏ సరుకు నెత్తిన పడాలి?

చైనా నుంచి సరుకు తెప్పించే మన హోల్‌సేల్ వ్యాపారుల లెక్కల్లో ఒక పద్ధతి పాతుకుపోయింది. కంటైనర్ మీద అయిన ఖర్చులన్నీ ఒకచోట కూడి, సరుకు విలువతో భాగిస్తారు. ‘ఈసారి ముప్పై రెండు శాతం పడింది’ అనుకుని, ఇన్వాయిస్‌లో ఉన్న ప్రతి ఐటెమ్ ధర మీద అదే శాతం వేసేస్తారు. మొత్తం పైసాతో సహా సరిపోతుంది కాబట్టి అనుమానం రాదు. కానీ అమ్మేది మొత్తాన్ని కాదు, ఒక్కో ఐటెమ్‌ని. తేడా కొట్టేది అక్కడే.

విజయవాడ వ్యాపారి ఒకరు చెన్నై రేవు మీదుగా నలభై అడుగుల కంటైనర్ తెప్పించారనుకుందాం. అంకెలు లెక్క సులువుగా ఉండేలా నేను వేసుకున్నవే. ఒకే పర్చేజ్ ఆర్డర్‌లో మూడు లైన్లు. మొదటిది పది లీటర్ల ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బాలు: 4,000, ఒక్కోటి రూ.100. రెండోది కుళాయిల్లో వేసే సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు: 20,000, ఒక్కోటి రూ.60. మూడోది స్టీల్ ఫ్లాస్కులు: 4,000, ఒక్కోటి రూ.200. అంటే డబ్బాలు 4 లక్షలు, కార్ట్రిడ్జ్‌లు 12 లక్షలు, ఫ్లాస్కులు 8 లక్షలు. మొత్తం 24 లక్షలు.

ఓడ కిరాయి 2,40,000. రేవులో టెర్మినల్ ఛార్జీలు, కస్టమ్స్ క్లియరెన్స్ అయ్యేదాకా కంటైనర్ ఉంచే సీఎఫ్ఎస్ యార్డు బిల్లు, విజయవాడ దాకా లారీ, దింపుడు కూలీ అన్నీ కలిపి 1,20,000. ఇన్సూరెన్స్ 12,000. కస్టమ్స్ సుంకం, దాని మీద సర్‌ఛార్జీ కలిపి 3,88,960. మొత్తం ఖర్చు 7,60,960. విలువ మీద చూస్తే 31.7 శాతం. దీని ప్రకారం డబ్బా రూ.131.71, కార్ట్రిడ్జ్ రూ.79.02, ఫ్లాస్కు రూ.263.41కి పడ్డట్టు.

ఇప్పుడు కంటైనర్ తలుపు తీసి చూడండి. లోపలున్న 60 ఘనపు మీటర్ల సరుకులో డబ్బాలే 40 ఘనపు మీటర్లు ఆక్రమించాయి. వ్యాపారులూ, సరుకు రవాణా చూసే ఫార్వర్డర్లూ ఘనపు మీటరునే సీబీఎం అంటారు. ఫ్లాస్కులకు 15 సీబీఎం, కార్ట్రిడ్జ్‌లకు 5 మాత్రమే పట్టింది. ఓడ వాడు కిరాయి తీసుకున్నది జాగాకి. ఆ జాగాలో మూడింట రెండు వంతులు తిన్న డబ్బాల మీద విలువ లెక్కన పడ్డ కిరాయి ఆరో వంతు. మూలన ఒదిగి వచ్చిన కార్ట్రిడ్జ్‌ల మీద పడ్డది సగం.

ఓడ కిరాయి, రేవు నుంచి గోడౌన్ దాకా అయిన ఖర్చు కలిపి 3,60,000. దాన్ని 60తో భాగిస్తే సీబీఎంకి 6,000. డబ్బాలు 2,40,000 మోయాలి, ఫ్లాస్కులు 90,000, కార్ట్రిడ్జ్‌లు 30,000. ఇన్సూరెన్స్ మాత్రం విలువ మీద కట్టేది కనుక విలువ ప్రకారమే పోవాలి. సుంకం సంగతి కాసేపటికి చెప్తాను, ముందు ఫలితం చూద్దాం. డబ్బా రూ.172.66. కార్ట్రిడ్జ్ రూ.69.09. ఫ్లాస్కు రూ.272.12. మొత్తం మాత్రం రెండు లెక్కల్లోనూ అదే 31,60,960.

ఈ అంకెలతో దుకాణంలో జరిగేది వేరే కథ. పాత లెక్క నమ్మిన వ్యాపారి డబ్బాను హోల్‌సేల్‌గా రూ.160కి ఇస్తాడు. రూ.28 మిగులుతోందనుకుంటాడు, నిజానికి ఒక్కోదాని మీద పన్నెండున్నర పైగా పోగొట్టుకుంటున్నాడు. ధర తక్కువ కాబట్టి డబ్బాలు జోరుగా కదులుతాయి. సహజంగానే వచ్చే ఆర్డర్‌లో డబ్బాలు పెంచుతాడు. అటు కార్ట్రిడ్జ్‌కి రూ.79 మీద పదిహేను శాతం లాభం వేసుకుని రూ.91 చెప్తాడు. పక్క వీధిలో రూ.84కి దొరుకుతోందని కస్టమర్ వెళ్లిపోతాడు. ఆ పక్క దుకాణం వాడికి ఎలా గిట్టుబాటవుతోందో మన వ్యాపారికి అర్థం కాక, అండర్ ఇన్వాయిసింగ్ చేస్తున్నాడేమోనని అనుమానించి, చివరికి ఆ ఐటెమ్ మానేస్తాడు. రూ.84కి అమ్మినా తనకు దాదాపు రూ.15 మిగిలే సరుకు అది.

‘ఏడాది చివర లాభం మొత్తం ఒకటే కదా, ఎటు వేస్తే ఏంటి’ అని వాదించే అకౌంటెంట్లు ఉన్నారు. సరుకంతా మార్చి 31లోపు అమ్ముడైపోతే ఆ మాట నిజమే. డబ్బాలన్నీ అమ్ముడై కార్ట్రిడ్జ్‌లు మిగిలిపోతే మాత్రం, పోవాల్సిన ఖర్చులో కొంత స్టాక్ విలువలో దాక్కుని ఆ ఏడాది లాభాన్ని ఉబ్బించి చూపిస్తుంది. అయినా బ్యాలెన్స్ షీట్ కంటే ధరల పట్టీ ముఖ్యం. అది రోజూ వాడేది.

విలువ వద్దని కొందరు సంఖ్య ప్రకారం పంచుతారు. అది ఇంకా ఘోరం. మన దగ్గర చాలామంది వాడే టాలీప్రైమ్‌లో అదనపు ఖర్చు లెడ్జర్‌కి రెండే దారులు కనిపిస్తాయి: `Appropriate by Qty`, `Appropriate by Value`. మొదటిది నొక్కితే ఆ 3,60,000ని 28,000 పీసులతో భాగిస్తుంది. గుప్పిట్లో పట్టే కార్ట్రిడ్జ్‌కీ రూ.12.86, పది లీటర్ల డబ్బాకీ రూ.12.86. ఒకే రకం, ఒకే సైజు సరుకు వస్తే తప్ప దాని జోలికి వెళ్లకూడదు. ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో `By Volume`, `By Weight` అనే ఎంపికలు ఉన్నాయి, కానీ ప్రతి ఐటెమ్ మాస్టర్‌లో ఘనపరిమాణం, బరువు ఎక్కించి ఉంటేనే అవి పనిచేస్తాయి. అది ఖాళీగా వదిలేసినవాళ్లే ఎక్కువ. టాలీ వాడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. లెక్క ఎక్సెల్‌లో చేయండి, లైన్ వారీగా వచ్చిన మొత్తాన్ని ఆ లైన్‌కి విడిగా ఎక్కించండి.

లెక్కకు కావాల్సిన సీబీఎం ప్యాకింగ్ లిస్ట్‌లో ఉంటుంది. సప్లయర్ ఒక్కోసారి మొత్తం మాత్రమే రాసి పంపిస్తాడు. అప్పుడు కార్టన్ కొలతలు అడగాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, పది లక్షలతో భాగించి, కార్టన్ల సంఖ్యతో హెచ్చిస్తే సరి. భాగించాల్సింది వచ్చిన సరుకు సీబీఎంతో, కంటైనర్ సామర్థ్యంతో కాదు. ఖాళీగా వచ్చిన జాగాకి కూడా కిరాయి కట్టాం కదా.

లెక్క సరైందో కాదో తేల్చే తేలికైన పరీక్ష ఒకటుంది. ఆ కంటైనర్‌లో ఇదొక్క ఐటెమే తెప్పిస్తే కిరాయి ఎంత పడేదో చూడండి. 60 సీబీఎంలో 6,000 డబ్బాలు పడతాయి. 3,60,000ని 6,000తో భాగిస్తే డబ్బాకి రూ.60. మన పంపకంలో పడ్డదీ అంతే. విలువ లెక్కలో పడ్డది రూ.15. ఏ కంటైనర్ నిండా డబ్బాలు తెచ్చినా రూ.15కి ఒక డబ్బా విజయవాడ చేరదు.

అలాగని అన్నిటికీ సీబీఎం మంత్రం పనిచేయదు. టైల్స్, ఇత్తడి ఫిట్టింగులు లాంటివి తెస్తే కంటైనర్ సగం కూడా నిండకుండానే బరువు పరిమితి వచ్చేస్తుంది. అక్కడ కిరాయిని బరువు ప్రకారం పంచాలి. జాగా ముందు అయిపోయిందా, బరువు ముందు అయిపోయిందా అన్నదే ప్రశ్న. విడి సరుకుగా, అంటే ఎల్‌సీఎల్‌లో వస్తే ఫార్వర్డరే ఆ పని చేస్తాడు. సీబీఎం ఎక్కువైతే సీబీఎంకి, టన్నులు ఎక్కువైతే టన్నులకి బిల్లు వేస్తాడు.

ఇక సుంకం. దీన్ని అసలు పంచకూడదు. కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీలో ప్రతి ఐటెమ్ ఎదుట దాని సుంకం విడిగా అచ్చయి ఉంటుంది. అదే తీసి ఆ లైన్‌కి వేయాలి. మన ఉదాహరణలో డబ్బాలకూ కార్ట్రిడ్జ్‌లకూ 10 శాతం, ఫ్లాస్కులకు 20 శాతం బేసిక్ డ్యూటీ అనుకున్నాను, సుంకం మీద పదో వంతు సర్‌ఛార్జీ అదనం. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది సరుకు ధర, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిసిన విలువ మీద. ఇన్వాయిస్ మొత్తానికి చూపిన కిరాయిని వాళ్ల వ్యవస్థ ఐటెమ్‌ల విలువ ప్రకారమే పంచుకుంటుంది. అందుకే డబ్బాలకు వాళ్ల పత్రంలో 40,000 కిరాయే కనిపిస్తుంది, మన లెక్కలో ఓడ కిరాయి వాటాయే 1,60,000. రెండూ కలవలేదని కంగారు పడక్కర్లేదు. కట్టిన సుంకం కట్టినట్టే నిజం, కిరాయి మాత్రం మన పద్ధతిలో పంచుకోవాలి. ఆ పత్రంలోని పంపకాన్ని చూసి ‘కస్టమ్స్ వాళ్లే విలువ మీద వేశారు కదా’ అని పుస్తకాల్లోనూ అదే చేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

అదే పత్రంలో ఐజీఎస్టీ కూడా ఉంటుంది. 18 శాతం అనుకుంటే ఇక్కడ అయిదు లక్షల నలభై ఏడు వేల పైచిలుకు. చలానా ఒకటే కావడంతో దాన్ని కూడా ఖర్చులో కలిపేసేవాళ్లు ఉన్నారు. క్రెడిట్ తీసుకునే వ్యాపారికి అది సరుకు ఖర్చు కాదు, ప్రభుత్వం దగ్గర ఉన్న మన డబ్బు. జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాడికి క్రెడిట్ రాదు కనుక అతని విషయంలో మాత్రం అది ఖర్చే.

అసలు టెన్షన్ బిల్లులు ఆలస్యంగా రావడంతో వస్తుంది. సరుకు గోడౌన్‌కి వచ్చిన నాలుగో రోజు నుంచే అమ్మకాలు మొదలవుతాయి, కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు, అంటే సీహెచ్ఏ, ఫైనల్ బిల్లు నెల తర్వాత వస్తుంది. అందుకే అంచనా మొత్తాన్ని ముందే వేసి, ఒక తాత్కాలిక లెడ్జర్‌లో పెట్టుకోవాలి. బిల్లులు వచ్చేకొద్దీ అది సున్నా కావాలి. కాకపోతే ఏదో బిల్లు రాలేదనో, అంచనా తప్పిందనో అర్థం. అనుకున్న దానికంటే 30,000 ఎక్కువ వచ్చిందనుకోండి. సీబీఎంకి 500 చొప్పున డబ్బాల వాటా 20,000. అప్పటికి 3,000 డబ్బాలు అమ్ముడైపోయి ఉంటే 15,000 అమ్మిన సరుకు ఖర్చులోకి పోవాలి, 5,000 మాత్రమే మిగిలిన వెయ్యి డబ్బాల మీద పడాలి. మొత్తం 20,000 మిగిలిన వాటి మీదే రుద్దితే డబ్బాకి 5 బదులు 20 రూపాయలు పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ బట్టి ఇది తెలియకుండానే జరిగిపోతుంది కూడా.

డాక్యుమెంట్లు ఆలస్యమై కంటైనర్ రేవులో పడి ఉన్నందుకు కట్టిన డెమరేజ్, డిటెన్షన్ మాత్రం ఏ లైన్ మీదా వేయకూడదు. అకౌంటింగ్ ప్రమాణాలు కూడా మామూలుగా కాని ఖర్చుని స్టాక్ విలువలో కలపొద్దనే అంటాయి. దాన్ని విడిగా నష్టం కింద రాసుకుంటే, ఏడాదిలో డాక్యుమెంట్ల ఆలస్యానికి ఎంత పోయిందో ఒకే లెడ్జర్‌లో కనిపిస్తుంది. బ్యాంకునో సప్లయర్‌నో సీహెచ్ఏనో నిలదీయడానికి కావాల్సింది ఆ అంకే.