చెల్లు రాయని ప్రోనోటు

ఊళ్లో ప్రోనోటు మీద అప్పు తెచ్చుకున్నవాడు బాకీ తీర్చిన మరుక్షణం అడిగేది ఒక్కటే: "నా నోటు నాకిచ్చేయండి." కనీసం వెనకాల చెల్లు రాయించుకునే కదులుతాడు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ పాటి మర్యాద కూడా లేదు.

మా పక్కింటి రిటైర్డ్ మాస్టారికి 2016-17 అసెస్‌మెంట్ ఇయర్‌కు ఇంకా 18,640 రూపాయల పన్ను కట్టాలని డిమాండ్ వచ్చింది. 2018 జనవరిలో బ్యాంకుకెళ్లి కట్టేశారు. ఈ మధ్య రీఫండ్ రాలేదేంటని పోర్టల్ తెరిస్తే అదే బాకీ కనిపించింది, పైన నెలకు ఒక శాతం వడ్డీతో. ఏడేళ్లకే లెక్కేసినా వడ్డీ 15,000 దాటుతుంది.

తప్పెక్కడంటే, చలానాలో డిమాండ్‌కు వేయాల్సిన 400 కోడ్ బదులు ఎవరి పన్ను వాళ్లే లెక్కగట్టి కట్టేటప్పుడు వాడే సెల్ఫ్ అసెస్‌మెంట్ కోడ్ 300 మీద టిక్ పడింది. డబ్బు ఖజానాలోకి వెళ్లింది, డిమాండ్‌కు మాత్రం అతకలేదు.

టిక్ తప్పు పెట్టింది కట్టినవాడే కదా, ఏ సొమ్ము దేనికో శాఖ ఊహించి సర్దలేదు కదా అంటారు. నిజమే, ఊహించమని ఎవరూ అడగడం లేదు. కానీ ఇదే కంప్యూటర్ ఈ ఏటి రీఫండును ఎప్పటిదో పాత బాకీకి జమ వేసుకుంటామని ఠంచనుగా నోటీసు పంపుతుంది. జవాబుకు 21 రోజులిస్తుంది. వసూలుకైతే ఏళ్లు దాటి చూడగలిగిన కన్ను, అదే పాన్, అదే ఏడాది, పైసా తేడా లేని అదే మొత్తం ఉన్న చలానాను మాత్రం చూడలేదట! ఆ చలానా మాస్టారి పేరున జమైన పన్నుల పట్టిక 26ఏఎస్‌లో శుభ్రంగా కనిపిస్తోంది. అది శాఖ తయారుచేసిన కాగితమే.

చివరికి తిప్పలు మాస్టారివే. "Response to Outstanding Demand"లో డిమాండ్‌తో విభేదిస్తున్నానని చెప్పి, కట్టేశానన్న కారణం ఎంచుకుని, బ్యాంకు బీఎస్ఆర్ కోడ్, కట్టిన తేదీ, చలానా సీరియల్ నంబర్ ఇచ్చి, రసీదు పీడీఎఫ్ ఎక్కించారు. దానితో పని పూర్తికాలేదు. ఆన్‌లైన్‌లో చలానా దిద్దుకునే వీలు 2020-21 నుంచి మొదలయ్యే అసెస్‌మెంట్ ఇయర్లకే ఉంది. అందుకే 300ను 400గా మార్చమని అసెసింగ్ అధికారికి విడిగా అర్జీ పెట్టారు.

2024లో కేంద్రం పాత చిన్న డిమాండ్లను మాఫీ చేసింది. వాటిలో సరిచూడనివి, లెక్క తేలనివి ఉన్నాయని బడ్జెట్ ప్రసంగమే ఒప్పుకుంది. మరి వాటిలో ఎన్ని అప్పటికే కట్టేసినవో? కట్టిన బాకీని మాఫీ అనడం దయ ఎలా అవుతుంది? ఆ మాఫీ కూడా 2015-16తోనే ఆగింది. మాస్టారిది ఆ మరుసటి ఏడాది.

రసీదు మీద బ్యాంకు ముద్ర సగం వెలిసిపోయింది. ఆయన దాన్ని మూడు జిరాక్సులు తీయించి, ఒకటి మా ఇంట్లో దాచమన్నారు.