సిగరెట్ మానలేకపోవడం: తప్పు మనోబలానిదా, మోతాదుదా?

సిగరెట్ మానేసి పది రోజులకే మళ్లీ మొదలుపెట్టిన మనిషి గురించి ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: మనసు గట్టిగా లేదు. చాలామంది డాక్టర్లు కూడా ‘మానేయండి’ అని చెప్పి, మిగతా మందులు రాసి పంపేస్తారు. ఎలా మానాలో, ఏ మందు ఎంత వాడి మానాలో ఆ చీటీలో ఉండదు. చివరికి ఆ మనిషి కూడా తప్పంతా తనదేనని నమ్ముతాడు. నా వాదన వేరు. నికోటిన్ గమ్ వాడి కూడా మానలేకపోయినవాళ్లలో చాలామందికి కావలసినంత మందు అందలేదు, కావలసినంత కాలం అందలేదు. బీపీ మాత్రను సగానికి విరిచి వేసుకుని, అదీ రెండు వారాలకే ఆపేసిన వ్యక్తికి బీపీ తగ్గకపోతే అతని మనోబలాన్ని ఎవరూ తప్పుపట్టరు. పొగ మానే వ్యక్తి విషయంలో మాత్రం సరిగ్గా అదే పని చేస్తున్నాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఆఫీసు ఉద్యోగం చేసే నలభై అయిదేళ్ల వ్యక్తి అనుకోండి. రోజుకు 20 సిగరెట్లు. మొదటిది నిద్ర లేచిన పది నిమిషాల్లోపే. ఎన్ని సిగరెట్లన్నది అందరూ అడుగుతారు కానీ, మొదటిది ఎప్పుడన్నది అంతకంటే ఎక్కువ చెబుతుంది. రక్తంలోని నికోటిన్ దాదాపు ప్రతి రెండు గంటలకు సగమవుతుంది. రాత్రంతా నిద్రపోయి లేచేసరికి మిగిలేది చాలా తక్కువ. ఆ లోటును పది నిమిషాలు కూడా ఓర్చుకోలేని శరీరానికి అలవాటు బలంగా పట్టిందని అర్థం. వ్యసన తీవ్రతను కొలిచే ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులున్న రెండు ప్రశ్నల్లో ఇదొకటి. లేచిన అరగంటలోపు కాల్చేవాళ్లకు 2 మిల్లీగ్రాముల గమ్ చాలదు, 4 మిల్లీగ్రాములది కావాలన్న నియమం కూడా దీన్నిబట్టే వచ్చింది. బీడీలు, చుట్టలు కాల్చేవాళ్లకు సిగరెట్ల లెక్క నేరుగా సరిపోదు కాబట్టి వాళ్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

ఈయన ఆదివారం రాత్రి చివరి సిగరెట్ ఆర్పేశాడు. సోమవారం మధ్యాహ్నానికే చిరాకు, కుదురులేనితనం మొదలవుతాయి. ఫైలు ముందు కూర్చుంటే మనసు నిలవదు. రెండో రోజు, మూడో రోజు ఈ బాధ ముదురుతుంది. నిద్ర చెడుతుంది, ఆకలి పెరుగుతుంది, కొందరికి మలబద్ధకం కూడా వస్తుంది. చాలా లక్షణాలు రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. ఆకలి, అప్పుడప్పుడు ఉన్నట్టుండి వచ్చే సిగరెట్ తలపు మాత్రం ఇంకొంత కాలం ఉంటాయి. ఆ తలపు ఎంత తీవ్రంగా వచ్చినా కొన్ని నిమిషాలకు మించి ఉండదు. కానీ మొదటి వారంలో అలాంటివి రోజుకు ఎన్నోసార్లు వస్తాయి.

మంగళవారం ఆయన మందుల షాపుకు వెళ్లి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కొన్నాడు. రోజుకు అయిదు నమిలాడు. ఇక్కడ లెక్క చూడాలి. ఒక్కో సిగరెట్ నుంచి ఒంట్లోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. అంటే 20 సిగరెట్లకు 20 నుంచి 30. రెండు మిల్లీగ్రాముల గమ్‌ను సరిగ్గా వాడినా అందులో దాదాపు సగమే ఒంటికి పడుతుంది. అయిదు గమ్‌లకు వచ్చేది అయిదు మిల్లీగ్రాములు. నిన్నటిదాకా పాతిక అందిన ఒంటికి ఈరోజు అయిదు ఇచ్చి, పదో రోజున అతను ఓడిపోయాడంటున్నాం. గమ్ ఒక్కదానితోనే మానాలనుకుంటే మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకటి వాడాలి. ఆ తర్వాతే మెల్లగా వ్యవధి పెంచుతూ పన్నెండు వారాలకు ఆపాలి. తలపు వచ్చాక వెతుక్కోవడం కాదు, రాకముందే వేసుకోవాలి.

ఆ అయిదు మిల్లీగ్రాములైనా అందాయా అన్నది మరో ప్రశ్న. ఆయన దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా అదేపనిగా నమిలాడు, పైగా మధ్యలో కాఫీ తాగాడు. ఈ గమ్‌లోని నికోటిన్ కడుపులోంచి కాదు, బుగ్గ లోపలి పొరలోంచి రక్తంలోకి చేరాలి. మింగేసిన నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది. మిగిలేవి ఎక్కిళ్లు, గుండెమంట, కడుపులో తిప్పడం. ‘నాకు గమ్ పడలేదు’ అనేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. నెమ్మదిగా నమలాలి. కారంగా, చిరచిరలాడినట్టు అనిపించగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చిరచిర తగ్గాక మళ్లీ నమిలి, చోటు మార్చి పెట్టాలి. ఇలా అరగంట. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ పొరలోంచి సరిగా దాటదు కనుక వాడటానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింకు, పండ్లరసం ఏదీ తాగకూడదు. ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో నమిలేవాళ్లకు తెలుసు, సున్నం లేకపోతే ‘పట్టదు’. గమ్ తయారుచేసేవాళ్లు అందులో కార్బొనేట్ కలపడం కూడా అందుకే. కాఫీ గుక్క ఆ పనిని చెడగొడుతుంది.

ఈయనకు నేనైతే గమ్ ఒక్కటే చాలనుకోను. ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడితే ఒక్కదానికన్నా ఎక్కువమంది మానగలుగుతున్నారని పరిశోధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. రోజుకు పదికి మించి కాల్చేవారికి 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, తర్వాత 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు అన్నది మామూలు పద్ధతి. వెంట్రుకలు లేని చర్మం మీద, రోజుకో చోట అంటించాలి. ప్యాచ్ రోజంతా అడుగున ఒక మట్టం నిలబెడుతుంది. కానీ అది నెమ్మదిగా పనిచేస్తుంది, ఉన్నట్టుండి ఎగసే కోరికను అణచలేదు. ఆ పని గమ్‌ది. పొద్దున లేవగానే తట్టుకోలేని ఈయనలాంటివాళ్లకు 24 గంటల ప్యాచ్ రాత్రంతా ఉంచుకోవడం మేలు. కలలు మరీ తీవ్రమై నిద్ర చెడితే పడుకునేముందు తీసేసి, లేవగానే గమ్ వేసుకోవచ్చు. మోతాదు సరిపోయిందో లేదో ఒళ్లే చెబుతుంది. చిరాకు, తహతహ తగ్గకపోతే తక్కువైనట్టు. వికారం, తల తిరగడం, గుండె దడ, చెమటలు వస్తే ఎక్కువైనట్టు. మొదటి రకం ఫిర్యాదే మామూలుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ మందులు సాధారణంగా సిగరెట్ ఇచ్చే మట్టంలో మూడో వంతు నుంచి సగం వరకే అందిస్తాయి. నికోటిన్ అంటేనే క్యాన్సర్ అని భయపడి తక్కువ వాడేవాళ్లున్నారు. క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలోని తారు, దానిలోని ఇతర రసాయనాలు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పొగలోని తారు కాలేయంలోని ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్‌ను విరిచేది ఆ ఎంజైమే. పొగ ఆగిన కొద్ది రోజుల్లో అది నెమ్మదిస్తుంది. అవే నాలుగు కప్పుల కాఫీతో రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు కావచ్చు. అప్పుడు వచ్చే దడ, నిద్రలేమి, ఆందోళనను సిగరెట్ లేనందువల్లే అనుకుంటాం. కాఫీ సగానికి తగ్గిస్తే ఇందులో కొంత పోతుంది. ఇదే కారణంగా ఆయాసానికి థియోఫిలిన్ వాడేవాళ్లు, మానసిక వ్యాధికి క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు పొగ మానేముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మందుల మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ప్యాచ్ వేసుకున్నా ఇది తప్పదు, ఎందుకంటే ఈ మార్పు తారుది, నికోటిన్‌ది కాదు.

డాక్టరు రాసే మాత్రల్లో వరెనిక్లిన్‌ది మొదటి స్థానం. ఇది మెదడులో నికోటిన్ అతుక్కునే చోటే అతుక్కుని సగం పని చేస్తుంది. దానివల్ల తహతహ తగ్గుతుంది, మధ్యలో సిగరెట్ కాల్చినా పాత తృప్తి రాదు. మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు రోజుకొకసారి, తర్వాత నాలుగు రోజులు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండుసార్లు. పొగ ఆపేది రెండో వారంలో. మొత్తం పన్నెండు వారాలు. ముగ్గురిలో ఒకరికి దాదాపుగా వికారం వస్తుంది. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలావరకు తట్టుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉంటే మోతాదు తగ్గించాలి. ఈ మాత్రతో మనసు చెదురుతుందన్న భయం చాలాకాలం ఉండేది. 2016లో ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఈగిల్స్ అధ్యయనం మానసిక సమస్యలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని చూపడంతో అమెరికాలో ఆ తీవ్ర హెచ్చరికను తొలగించారు. ఆ అధ్యయనంలోనే తొమ్మిదో వారం నుంచి ఇరవై నాలుగో వారం దాకా పొగ ముట్టనివాళ్లు వరెనిక్లిన్‌తో సుమారు 22 శాతం, బుప్రోపియాన్ అనే ఇంకో మాత్రతోనూ ప్యాచ్‌తోనూ 16 శాతం, ఉత్తుత్తి మాత్రతో 9 శాతం. ఎంత మంచి మందుతోనైనా ఎక్కువమంది ఒక్క ప్రయత్నంలో మానలేదని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి. బుప్రోపియాన్ మూర్ఛ ఉన్నవాళ్లకు, ఎక్కువగా తాగుతూ ఒక్కసారిగా మద్యం ఆపినవాళ్లకు ఇవ్వకూడదు. మన దగ్గర ఈ రెండో సంగతిని అడిగి తెలుసుకోవడం ముఖ్యం.

ఇక మళ్లీ కాల్చడం గురించి. దీన్ని ఒకే ఓటమిగా చూడటం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రెండు వారాల్లో, పొద్దున్నే, ఒంటరిగా కాల్చినది ఒక రకం. అది ఎక్కువసార్లు మోతాదు లోపం. మందు పెంచాలి, లేదా మార్చాలి. అయిదో వారంలో, పెళ్లిలో, మద్యం తాగుతూ, పక్కవాడు అందిస్తే కాల్చినది ఇంకో రకం. అప్పటికి ఒంట్లో లోటు చాలావరకు తీరింది. లాగింది ఆ సందర్భం. అక్కడ ప్యాచ్ పెంచి లాభం లేదు. ఆ కొన్ని వారాలు మద్యానికి దూరంగా ఉండాలి, వెళ్లక తప్పని చోటికి జేబులో గమ్ పెట్టుకుని వెళ్లాలి, కూర్చోకముందే ఒకటి వేసుకోవాలి. కిళ్లీకొట్టులో విడి సిగరెట్ దొరికే మన ఊళ్లలో ఈ రెండో రకం జారుడు మరీ సులువు. పెట్టె కొనాలంటే ఆలోచించే మనిషి ఒక్కటే కొనడానికి ఆలోచించడు. విడి అమ్మకాలను ఆపాలని నేను గట్టిగా కోరేది అందుకే. 2 మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండా దొరుకుతుంది కానీ, ఎక్కువ అవసరమున్నవాళ్లకు కావలసిన 4 మిల్లీగ్రాములది డాక్టరు చీటీతోనే ఇవ్వాలి. సిగరెట్‌కు ఏ చీటీ అక్కర్లేదు. ఇది తలకిందుల ఏర్పాటు.

మన ఉదాహరణలోని వ్యక్తి ఆ పెళ్లిలో రెండు కాల్చాడనుకుందాం. అతను వెంటనే చేయకూడని పని ప్యాచ్ పీకి పారేయడం. ప్యాచ్ మీద ఒకటి రెండు కాల్చినందుకు ప్రమాదమేమీ ముంచుకురాదు. జారిన తర్వాత మందు కొనసాగించినవాళ్లే తిరిగి నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. ‘ఎలాగూ చెడింది’ అనుకున్న మరుసటి ఉదయమే రెండు సిగరెట్లు ఇరవై అవుతాయి. కాబట్టి మర్నాడు పొద్దున యథాప్రకారం కొత్త ప్యాచ్ వేసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో కాల్చాడో, దానికి ఎంతసేపటి ముందు చివరి గమ్ వేసుకున్నాడో ఒక కాగితం మీద రాసుకోవాలి. 1800-11-2356కు ఫోను చేస్తే జాతీయ పొగాకు క్విట్‌లైన్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీద ముద్రించి ఉన్నది ఆ నంబరే. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించాలి. డాక్టరు దాన్ని చదివి, ఎన్ని వారాలు ఏ మోతాదు వాడాడో అడిగి, 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌ను ఆరు వారాల నుంచి పదికి పొడిగించాలా, వరెనిక్లిన్‌కు మార్చాలా అన్నది అప్పుడు తేల్చాలి.